ఇంటిగ్రల్ జవాబు వచ్చాక నమ్మే ముందు: యూనిట్లు, గుర్తు, సుమారు విలువతో సరిచూసుకోవడం ఎలా?

ఈ నిశ్చిత సమాకలని చూడండి. x విలువ 0 నుంచి 2π వరకు:

∫ dx / (2 + cos x)

పాఠ్యపుస్తకం నేర్పిన దారి ఒకటుంది. t = tan(x/2) అని ప్రతిక్షేపిస్తే cos x స్థానంలో (1 − t²)/(1 + t²) వస్తుంది, dx స్థానంలో 2 dt/(1 + t²) వస్తుంది. సర్దితే 2 dt/(3 + t²) మిగులుతుంది. దాన్ని ఇంటిగ్రేట్ చేసి మళ్లీ x లోకి మారిస్తే:

F(x) = (2/√3) · tan⁻¹( tan(x/2) / √3 )

ఇప్పుడు హద్దులు పెట్టాలి. tan 0 సున్నా, tan π కూడా సున్నా. కాబట్టి F(2π) − F(0) = 0. జవాబు సున్నా అని తేలింది.

అనుమానంగా ఉంటే చాలామంది చేసే పని F(x) ని తిరిగి అవకలనం చేసి చూడటం. చేసి చూడండి, చక్కగా 1/(2 + cos x) వస్తుంది. అంటే ఆ పరీక్షలో ఈ జవాబు పాసైపోయింది. అయినా అది తప్పే. అసలు జవాబు 2π/√3, అంటే దాదాపు 3.63.

అవకలనం చేసి చూడటం మంచి అలవాటే, కాదనను. కానీ అది F(x) సరైనదా కాదా అన్నదే చెబుతుంది. హద్దులు పెట్టినప్పుడు, ప్రతిక్షేపణలో హద్దులు మార్చినప్పుడు, వర్గమూలం తీసినప్పుడు జరిగే పొరపాట్లు దానికి చాలాసార్లు దొరకవు. వాటిని పట్టుకోవాలంటే చివరి జవాబునే నేరుగా మూడు ప్రశ్నలు అడగాలి. యూనిట్లు కుదిరాయా? గుర్తు కుదిరిందా? విలువ ఉండాల్సినంత ఉందా? ఈ మూడింటినీ పైన రాసిన ఒక్క ఇంటిగ్రల్ మీదే చేసి చూపిస్తాను. ఉదాహరణలు పది తీసుకుని పైపైన తడమడం కంటే ఒకదాన్ని అన్ని వైపుల నుంచీ చూస్తేనే పద్ధతి చేతికి వస్తుంది.

మొదటి అడుగు: అంకెల స్థానంలో అక్షరాలు పెట్టండి

2 + cos x లో ఉన్న 2 కి, cos x ముందు కనబడకుండా ఉన్న 1 కి యూనిట్లు లేవు. యూనిట్లు లేనిచోట యూనిట్ల పరీక్ష చేయలేం. అందుకని ముందు 2 ని a అని, 1 ని b అని రాసుకోండి:

I = ∫ dx / (a + b cos x), x = 0 నుంచి 2π వరకు, a > b > 0

దీనికి ఒక అర్థం కూడా ఇచ్చుకుందాం. r వ్యాసార్థం ఉన్న వృత్తాకార దారిలో ఒక బండి తిరుగుతోంది. దాని వేగం అన్నిచోట్లా ఒకేలా లేదు, కోణం x దగ్గర a + b cos x. చిన్న ముక్క r dx దాటడానికి పట్టే కాలం r dx/(a + b cos x). కాబట్టి ఒక చుట్టు పూర్తి కావడానికి పట్టే కాలం r × I. a, b లు మీటర్/సెకను, r మీటర్లు.

పరీక్షలో వచ్చే ప్రశ్నకు ఇలాంటి కథ ఉండదు. మీరే అల్లుకోవాలి. భౌతికంగా సరిపోయే కథ దొరికితే మూడు పరీక్షలూ సగం సులువైపోతాయి, ఎందుకంటే జవాబు ఎలా ఉండాలో అప్పుడు మీకు ముందే కొంత తెలుస్తుంది. కథ దొరక్కపోయినా ఫర్వాలేదు, అక్షరాలు పెడితే చాలు.

సరైన సూత్రం I = 2π/√(a² − b²). a = 2, b = 1 పెడితే 2π/√3. అది మనకు తెలియనట్టే ఉండి, రకరకాల తప్పు జవాబులు వచ్చాయనుకుని ఒక్కొక్కటీ పరీక్షకు పెడదాం.

రెండో అడుగు: యూనిట్లు

యూనిట్ల లెక్కలో చాలామంది మర్చిపోయేది dx. ఇంటిగ్రల్ అంటే ముక్కల మొత్తం, ప్రతి ముక్కా "లోపలి ప్రమేయం × dx". కాబట్టి జవాబు యూనిట్ ఆ రెంటి లబ్ధం. x మీటర్లలో ఉంటే dx కూడా మీటర్లే. మన ఇంటిగ్రల్‌లో x కోణం, దానికి యూనిట్ లేనట్టే లెక్క. కాబట్టి I కి 1/వేగం యూనిట్ రావాలి. r తో గుణిస్తే మీటర్ ÷ (మీటర్/సెకను), అంటే సెకన్లు. కాలం రావాల్సినచోట కాలమే వస్తోంది.

ఇప్పుడు ఒక తప్పు జవాబు: I = 2π/(a² − b²). వర్గమూలం రాయడం మర్చిపోతే వచ్చేది ఇదే. హారంలో వేగం వర్గం ఉంది కనుక యూనిట్ 1/వేగం² అయింది. r తో గుణిస్తే సెకన్లు రావు. ఇక్కడితో ఈ జవాబు కథ ముగిసింది, విలువ లెక్క కట్టాల్సిన పని కూడా లేదు.

a = 2, b = 1 అని అంకెలే ఉంచుకుని ఉంటే ఇదే తప్పు 2π/3 అని కనబడేది. 2π/3 ని చూసి దాని యూనిట్ తప్పు అని ఎవరూ చెప్పలేరు. అందుకే అక్షరాలు అంటున్నాను. అంకెలు పెట్టడం ఎప్పుడూ ఆఖరి పని.

యూనిట్లు ఆలోచించడం ఇబ్బందిగా ఉంటే ఇదే పరీక్షను ఇంకో రకంగా చేయవచ్చు. a, b రెంటినీ పది రెట్లు చేయండి. లోపలి ప్రమేయం ప్రతిచోటా పదో వంతు అవుతుంది, కాబట్టి I కూడా పదో వంతు కావాలి. 2π/√(a² − b²) లో అలాగే అవుతుంది. 2π/(a² − b²) మాత్రం నూరో వంతు అవుతుంది. శుద్ధ గణితం ఇష్టపడేవాళ్లకు ఇది నచ్చుతుంది, మీటర్లూ సెకన్లూ అక్కర్లేదు.

కోణానికి బదులు కాలం వచ్చే రూపం కూడా చూడండి. ∫ dt/(a + b cos ωt), t = 0 నుంచి 2π/ω వరకు. ఇక్కడ x = ωt అని పెడితే dt = dx/ω. ఆ 1/ω రాయడం మర్చిపోతే జవాబు మళ్లీ 2π/√(a² − b²) అనే వస్తుంది. కానీ ఇప్పుడు dt కి సెకన్లు ఉన్నాయి, జవాబులో ఆ సెకన్లు లేవు. ప్రతిక్షేపణలో dx ను మార్చకుండా వదిలేసే పొరపాటు చాలాసార్లు ఇలాగే బయటపడుతుంది. నా ఉద్దేశంలో యూనిట్ల పరీక్ష ఎక్కువగా పనికొచ్చేది ఇక్కడే.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. sin, cos, tan⁻¹, ఘాతాంకం, log, వీటి లోపల యూనిట్ ఉన్న రాశి ఒంటరిగా ఉండకూడదు. cos ωt సరే, cos t అని మిగిలితే ఎక్కడో ω పోయింది. log దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. ∫ dx/x = log x అని రాసినప్పుడు log లోపల మీటర్లు ఉన్నట్టు కనబడుతుంది. కంగారు పడకండి, హద్దులు p, q పెట్టాక అది log(q/p) అవుతుంది, యూనిట్లు కొట్టుకుపోతాయి. హద్దులు పెట్టాక కూడా యూనిట్ మిగిలితేనే తప్పు ఉన్నట్టు.

యూనిట్ల పరీక్షకు కనబడనివి 2, π, ½ లాంటి గుణకాలు, + కి − కి తేడా. 2π/√(a² + b²), π/√(a² − b²) రెండూ తప్పే, రెండూ యూనిట్లలో పాసవుతాయి. సున్నా సంగతి ఇంకా కష్టం, సున్నాకు ఏ యూనిట్ అయినా సరిపోతుంది.

మూడో అడుగు: గుర్తు

cos x విలువ −1 కీ 1 కీ మధ్యే ఉంటుంది. కాబట్టి 2 + cos x ఎప్పుడూ 1 కి తగ్గదు, 1/(2 + cos x) ఎప్పుడూ ధనాత్మకమే. హద్దులు కూడా చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్తున్నాయి. ఇలాంటప్పుడు జవాబు ధనాత్మకం కావాలి. రుణాత్మకం రాకూడదు, సున్నా కూడా రాకూడదు. రుణ జవాబు వస్తే ఎవరైనా అనుమానిస్తారు. సున్నాను మాత్రం "అన్నీ కొట్టుకుపోయాయేమో" అని వదిలేస్తుంటారు. కొట్టుకుపోవాలంటే లోపలి ప్రమేయం కొన్నిచోట్ల రుణాత్మకంగా ఉండాలి, ఇక్కడ ఎక్కడా అలా లేదు. బండి కథలో చెప్పాలంటే, ఎప్పుడూ ముందుకే పోయే బండి సున్నా సెకన్లలో చుట్టు పూర్తి చేసింది అన్నట్టు.

సరే, సున్నా ఎందుకు వచ్చింది? x విలువ π దగ్గరికి వచ్చేటప్పుడు x/2 విలువ π/2 దగ్గరికి వస్తుంది, అక్కడ tan అనంతం వైపు పోతుంది. π కి కొంచెం ఎడమవైపు F(x) విలువ π/√3 దగ్గర ఉంటుంది. π దాటగానే tan రుణ అనంతం నుంచి మొదలవుతుంది కనుక F(x) ఒక్కసారిగా −π/√3 కి పడిపోతుంది. లోపలి ప్రమేయం మాత్రం అక్కడ నిలకడగానే ఉంది, దాని విలువ 1, ఏ గొడవా లేదు. తెగిపోయింది F మాత్రమే. F(2π) − F(0) అనే సూత్రం వాడాలంటే మధ్యలో F ఎక్కడా తెగకూడదు. అందుకే 0 నుంచి π వరకు ఒక ముక్క, π నుంచి 2π వరకు ఇంకో ముక్క చేసుకోవాలి. ఒక్కో ముక్కకు π/√3 వస్తుంది, మొత్తం 2π/√3.

అవకలనం పరీక్ష దీన్ని ఎందుకు పట్టుకోలేదో ఇప్పుడు తెలుస్తుంది. π తప్ప మిగతా అన్ని బిందువుల దగ్గరా F అవకలనం సరిగ్గానే ఉంది. తేడా ఆ ఒక్క బిందువు దగ్గరే.

లోపలి ప్రమేయం అంతటా ఒకే గుర్తుతో ఉంటే పని ఇంత తేలిక. కొంత ధన, కొంత రుణ ఉంటే ఏం చేయాలి? ఇదే కుటుంబం నుంచి ఒకటి తీసుకుందాం:

J = ∫ cos x / (2 + cos x) dx, x = 0 నుంచి 2π వరకు

cos x సగం దూరం ధనాత్మకం, సగం దూరం రుణాత్మకం. చూడగానే సున్నా అనిపిస్తుంది. కానీ ఎదురెదురు బిందువులను జత చేసి చూడండి. x దగ్గర cos విలువ c అయితే, x + π దగ్గర −c. రెండుచోట్ల విలువలూ కలిపితే:

c/(2 + c) − c/(2 − c) = −2c²/(4 − c²)

ఇది ఎప్పుడూ ధనాత్మకం కాదు. ఎందుకంటే cos రుణంగా ఉన్నప్పుడు హారం చిన్నదవుతుంది, కాబట్టి రుణ భాగమే ఎక్కువ బరువు తూగుతుంది. అంటే J రుణాత్మకం కావాలని లెక్క చేయకముందే తెలిసిపోయింది. నిజంగా చేస్తే J = 2π − 2I, అంటే 6.283 − 7.255, దాదాపు −0.97. మీకు +0.97 వచ్చి ఉంటే ఎక్కడో 2I ని, 2π ని తారుమారు చేశారన్నమాట.

ఈ జత కట్టే ఉపాయాన్ని వదలకండి, తర్వాతి అడుగులో మళ్లీ కావాలి.

వర్గమూలాల గురించి ఒక్క మాట. √(1 + cos 2x) ని √2 cos x అని రాసి 0 నుంచి π వరకు ఇంటిగ్రేట్ చేస్తే సున్నా వస్తుంది. వర్గమూలం రుణాత్మకం కాదు కనుక సున్నా కుదరదు. అది √2 |cos x|, జవాబు 2√2. పట్టుకున్నది మళ్లీ గుర్తు పరీక్షే.

నాలుగో అడుగు: సుమారు విలువ

మొదట మొరటు అంచనా. 1/(2 + cos x) అత్యధిక విలువ 1 (x = π దగ్గర), అత్యల్ప విలువ 1/3 (x = 0 దగ్గర). దారి పొడవు 2π. కాబట్టి I విలువ 2π/3 కీ 2π కీ మధ్య, అంటే 2.09 కీ 6.28 కీ మధ్య ఉండి తీరాలి. ఇది అంచనా అని అన్నాను గానీ నిజానికి ఇది రుజువే, దీన్ని దాటిన జవాబు ఏదైనా తప్పు.

హద్దులు 0 నుంచి π వరకే అనుకుని రెట్టింపు చేయడం మర్చిపోతే వచ్చే π/√3 విలువ 1.81. ఇది 2.09 కంటే తక్కువ, కాబట్టి పోయింది. 2π/√(a² + b²) విలువ 2.81. ఇది మాత్రం కంచె లోపలే ఉంది. 2.09 నుంచి 6.28 దాకా మూడు రెట్ల తేడా ఉంది కాబట్టి ఈ కంచె లోపల తప్పు జవాబులు ఇంకా చాలా పడతాయి. దీన్ని దగ్గరికి లాగాలి.

జత ఉపాయం ఇక్కడ పనికొస్తుంది. x, x + π దగ్గర విలువలు కలపండి:

1/(2 + c) + 1/(2 − c) = 4/(4 − c²)

c² విలువ 0 నుంచి 1 వరకు మారుతుంది కనుక ఈ మొత్తం 1 కీ 4/3 కీ మధ్య ఉంటుంది. జతలు 0 నుంచి π వరకు సరిపోతాయి. కాబట్టి I విలువ π కీ 4π/3 కీ మధ్య, అంటే 3.14 కీ 4.19 కీ మధ్య ఉండాలి. ఒక్క లైను లెక్కతో కంచె ఎంత దగ్గరికి వచ్చిందో చూడండి. 2.81 ఇప్పుడు బయటపడింది.

3.14 కి తగ్గకూడదనే మాటను బండి కథతో కూడా పట్టుకోవచ్చు. బండి అంతటా సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతే I = 2π/2 = 3.14. అసలు బండి కొన్నిచోట్ల 3 తో, కొన్నిచోట్ల 1 తో పోతుంది. నెమ్మదిగా పోయిన చోట పోగొట్టుకున్న కాలం, వేగంగా పోయినచోట మిగిల్చుకున్న కాలం కంటే ఎక్కువ. కాబట్టి మొత్తం 3.14 కంటే ఎక్కువే కావాలి.

ఇంకొంచెం దగ్గరగా కావాలంటే c² స్థానంలో దాని సగటు ½ పెట్టండి. 4/3.5 = 1.143, దాన్ని π తో గుణిస్తే 3.59. అసలు విలువ 3.63. కాల్‌క్యులేటర్ ముట్టుకోకుండా దాదాపు ఒక శాతం తేడాలోకి వచ్చాం.

నాలుగు బిందువులతో కూడి చూడటం ఇంకో మార్గం. x = 0, π/2, π, 3π/2 దగ్గర విలువలు 1/3, 1/2, 1, 1/2. మొత్తం 7/3. ఒక్కో బిందువు వాటా π/2 కాబట్టి 7π/6, అంటే 3.67. ఎనిమిది బిందువులు తీసుకుంటే 3.6278 వస్తుంది, అసలు విలువ 3.6276. పూర్తి చుట్టు తిరిగే నునుపైన ప్రమేయాలకు సమాన దూరంలో బిందువులు తీసుకుంటే ఫలితం ఇంత తొందరగా దగ్గరపడుతుంది. మామూలు ప్రమేయాలకు ఇంత బాగా రాదు, నాలుగు బిందువులకు పది శాతం తేడా వచ్చినా ఆశ్చర్యపడనక్కర్లేదు.

అక్షరాలను చివరిదాకా లాగడం

సుమారు విలువ పరీక్షలో ఇదే నాకు బాగా ఇష్టమైన భాగం. b ని సున్నా చేయండి. వేగం అంతటా a, కాబట్టి I = 2π/a రావాలి. సరైన సూత్రంలో వస్తుంది. π/√(a² − b²) లో సగమే వస్తుంది, దాని తప్పు మళ్లీ దొరికిపోయింది.

ఇప్పుడు b ని a దగ్గరికి తీసుకెళ్లండి. x = π దగ్గర వేగం a − b, అది సున్నా వైపు పోతుంది, బండి దాదాపు ఆగిపోతుంది. కాలం అనంతం వైపు పోవాలి. √(a² − b²) హారంలో ఉంది కాబట్టి పోతుంది. √(a² + b²) ఉన్న జవాబు ఎక్కడికీ పోదు, హాయిగా 2π/(√2 a) దగ్గర ఆగుతుంది. కాబట్టి అది తప్పు.

అన్నింటికంటే మొండి తప్పు జవాబు ఇప్పుడు చూడండి:

I = 2πa/(a² − b²)

యూనిట్లు: a/a², అంటే 1/వేగం, సరిపోయింది. గుర్తు ధనాత్మకం. b = 0 అయితే 2π/a, సరిపోయింది. b విలువ a వైపు పోతే అనంతం, సరిపోయింది. a = 2, b = 1 పెడితే 4π/3 = 4.19, మొరటు కంచె లోపలే ఉంది. ఇది చాలదన్నట్టు, రెండే రెండు బిందువులతో (x = 0, x = π) కూడి చూస్తే π(1/3 + 1), అంటే సరిగ్గా ఇదే 4.19 వస్తుంది! తొందరలో రెండు బిందువులతో సరిచూసినవాళ్లకు తప్పు జవాబే ఖాయమైపోతుంది. కారణం ఏమిటంటే, రెండు బిందువుల లెక్కను a, b లతో రాస్తే π/(a + b) + π/(a − b), అది సరిగ్గా 2πa/(a² − b²). ఎగువ దిగువ శిఖరాలను మాత్రమే చూసి మధ్యది వదిలేస్తే వచ్చేది అదే.

దీన్ని పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, జత కట్టిన కంచెలో 4.19 సరిగ్గా పై అంచు మీద నిలబడింది. అంచుకు చేరాలంటే c² విలువ అన్నిచోట్లా 1 కావాలి, అది జరగదు. జవాబు కంచె లోపల ఉందా లేదా అన్నదే కాదు, అంచు మీద ఉంటే అంచుకు చేరడం సాధ్యమా అని కూడా చూడాలి.

రెండోది, అనంతం వైపు ఎంత వేగంగా పోతోందో చూడటం. a = 2, b = 1.99 పెట్టండి. x = π దగ్గర హారం 0.01, కాబట్టి లోపలి ప్రమేయం అక్కడ 100 ఎత్తుకు లేస్తుంది. ఆ శిఖరం ఎంత వెడల్పు? π నుంచి δ దూరం జరిగితే హారం దాదాపు 0.01 + δ² అవుతుంది. δ = 0.1 అయ్యేసరికి ఎత్తు సగానికి పడిపోతుంది. అటు 0.1, ఇటు 0.1, వెడల్పు 0.2. ఎత్తు × వెడల్పు = 20. శిఖరం రెండు పక్కలా జారే భాగం కూడా కలుస్తుంది కాబట్టి అసలు విలువ కొంచెం ఎక్కువగా, 30 ప్రాంతంలో ఉండవచ్చు.

సరైన సూత్రం ఇచ్చేది 2π/√0.0399, అంటే దాదాపు 31.5. మొండి జవాబు ఇచ్చేది 4π/0.0399, అంటే దాదాపు 315. పది రెట్ల తేడా, వాదనకు తావు లేదు. a = 2, b = 1 దగ్గర రెండు జవాబుల మధ్య తేడా 3.63 కీ 4.19 కీ మధ్య ఉన్నంతే. అక్షరాలను అంచుకు తోసినప్పుడు అదే తేడా ఇలా పెద్దదై కనబడింది. రెండు జవాబుల మధ్య సందేహం ఉన్నప్పుడు సౌకర్యమైన అంకెల దగ్గర కాకుండా, ఇబ్బందికరమైన అంకెల దగ్గర పోల్చండి.

పరీక్షలో ఫెయిలైతే ఎక్కడ వెతకాలి

ఏ పరీక్ష ఫెయిలైందో దాన్ని బట్టి తప్పు చోటు చాలావరకు తెలుస్తుంది, లెక్కంతా మొదటి నుంచీ చేయనక్కర్లేదు.

యూనిట్లు కుదరకపోతే ముందు ప్రతిక్షేపణ లైనుకు వెళ్లండి, dx ను మార్చారా అని చూడండి. తర్వాత వర్గమూలాలు, వర్గాలు. ఒక్కో లైను యూనిట్ చూసుకుంటూ కిందికి రండి. ఏ లైనులో యూనిట్ మారిందో తప్పు ఆ లైనులోనే ఉంటుంది.

గుర్తు కుదరకపోతే, లేదా ధనాత్మకం కావాల్సినచోట సున్నా వస్తే, హద్దులు చూడండి. ప్రతిక్షేపణలో హద్దులు తలకిందులయ్యాయా? F మధ్యలో ఎక్కడైనా తెగిందా? tan, tan⁻¹, log, 1/x లు F లో ఉంటే ఆ తెగే చోటు మీ హద్దుల మధ్య పడిందేమో చూసుకోండి. వర్గమూలం ఉంటే | | మర్చిపోయారేమో చూడండి.

విలువ సరిగ్గా రెండు రెట్లో, సగమో ఉంటే సౌష్ఠవం వాడినచోట తప్పు ఉండే అవకాశం ఎక్కువ. సగం దారి తీసుకుని రెట్టింపు చేయలేదో, చేసిందే మళ్లీ చేశారో. విలువ అంచనాకు ఎంతో దూరంగా ఉంటే మాత్రం అంచనానే ముందు ఒకసారి సరిచూడండి. సన్నటి శిఖరం ఉన్న ప్రమేయానికి నాలుగు బిందువులు ఏ మూలకూ చాలవు. b = 1.99 దగ్గర నాలుగు బిందువులతో కూడితే 159 దాకా వస్తుంది, ఎందుకంటే వాటిలో ఒకటి సరిగ్గా శిఖరం మీద పడి, దాని ఎత్తును π/2 వెడల్పు అంతటికీ పరిచేస్తుంది. అలాంటప్పుడు శిఖరం ఎత్తు, వెడల్పు విడిగా చూసి గుణించే పద్ధతే నమ్మదగ్గది.

చివరగా, సూత్రం ఏ విలువలకు చెల్లుతుందో కూడా చూడాలి. b విలువ a ని దాటితే a² − b² రుణాత్మకం, సూత్రం ఊహాసంఖ్య ఇస్తుంది. అదే సమయంలో a + b cos x మధ్యలో ఎక్కడో సున్నా అవుతుంది, లోపలి ప్రమేయం అక్కడ అనంతానికి పోతుంది, ఇంటిగ్రల్‌కు విలువే ఉండదు. సూత్రం చెడిపోయిన చోటు, ఇంటిగ్రల్ చెడిపోయిన చోటు ఒకటే కావడం మంచి సంకేతం. అలా కాకుండా, ఇంటిగ్రల్ అర్థం కోల్పోయినచోట కూడా మీ జవాబు నిబ్బరంగా ఏదో మామూలు అంకె ఇస్తుంటే దాన్ని నమ్మకండి. ∫ dx/x² ను −1 నుంచి 1 వరకు గుడ్డిగా చేస్తే −2 వస్తుంది. లోపలి ప్రమేయం అంతటా ధనాత్మకం కాబట్టి గుర్తు పరీక్ష దగ్గరే అది ఆగిపోతుంది. కారణం వెతికితే x = 0 దగ్గర అనంతం కనబడుతుంది, ఆ ఇంటిగ్రల్‌కు పరిమిత విలువే లేదని తేలుతుంది.